‘మీకు నచ్చేవరకు మార్పులు ఉచితం’ అని రాసి ఉంటే

గుంటూరులో ఒకావిడ ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్ముతున్నారనుకోండి. ఆవకాయ, గోంగూర, పండుమిర్చి, ఉసిరి. ఇన్నాళ్లూ తెలిసినవాళ్లకు డబ్బాల్లో పెట్టి ఇచ్చారు. ఇప్పుడు ఊళ్లో రెండు సూపర్‌మార్కెట్ల వాళ్లు సరుకు అడిగారు. సీసాలకు లేబుళ్లు కావాలి, దుకాణానికో లోగో కావాలి. ఎవరో నంబర్ ఇస్తే, హైదరాబాద్‌లో ఫ్రీలాన్స్‌గా పనిచేసే ఒక డిజైనర్‌ను వాట్సాప్‌లో పలకరించారు. మర్నాటికి ఇలా ప్రపోజల్ వచ్చింది:

“మీ బ్రాండ్‌కు తగిన లోగో, ఆకర్షణీయమైన ప్యాకేజింగ్ డిజైన్, సోషల్ మీడియా పోస్టర్లు తదితరాలు చేసి ఇస్తాం. మీకు నచ్చేవరకు మార్పులు ఉచితం. మొత్తం 18,000 రూపాయలు. సగం అడ్వాన్స్. 10 రోజుల్లో పూర్తి.”

చదివితే ఇందులో వంక పెట్టడానికేమీ కనిపించదు. చాలామంది కళ్లు నేరుగా ధర మీదికే పోతాయి. పద్దెనిమిది వేలు ఎక్కువా, తక్కువా, ఇంకో రెండు వేలు తగ్గిస్తాడా? కానీ ఆ బేరం ఇప్పుడు ఆడలేం. ఎందుకంటే ఆ పద్దెనిమిది వేలు ఎంత పనికో ఈ ఐదు వాక్యాల్లో ఎక్కడా లేదు.

‘ప్యాకేజింగ్ డిజైన్’ అన్న రెండు మాటలే తీసుకుందాం. ఆవిడ దగ్గర నాలుగు పచ్చళ్లున్నాయి. పావుకిలో, అరకిలో, కిలో చొప్పున మూడు సైజుల సీసాలు. అంటే ఆవిడ మనసులో పన్నెండు లేబుళ్లున్నాయి. డిజైనర్ మనసులో ఉన్నది బహుశా ఒక్క లేబులే. దాని మీద పచ్చడి పేరు, రంగు మార్చి నాలుగు చేస్తే పనైపోయినట్టే అనుకుంటాడు. ఇద్దరిలో ఎవరికీ మోసం చేసే ఉద్దేశం లేదు. ఎవరి లెక్క వాళ్లది. అడ్వాన్స్ చేతులు మారాక, ‘మిగతా సైజులేవీ?’ అని ఆవిడ అడిగిన రోజున ఆ తేడా బయటపడుతుంది.

సీసా సైజు మారితే ఉన్న లేబుల్‌నే సాగదీయవచ్చు కదా అనిపిస్తుంది. అలా కుదరదు. ఎనిమిది సెంటీమీటర్ల వ్యాసం ఉన్న సీసా చుట్టూ తిరగాలంటే లేబుల్ పొడవు పాతిక సెంటీమీటర్ల పైచిలుకు ఉండాలి. సన్న సీసాకు ఆ పొడవులో సగం చాలవచ్చు. అప్పుడు బొమ్మ, పేరు, వెనకవైపు మ్యాటర్ అన్నీ మళ్లీ సర్దాలి. కాబట్టి నా దృష్టిలో ప్రపోజల్‌లోని పెద్ద లోపం అందులో రాసిన మాటల్లో లేదు. సీసా కొలతలు అడగకుండానే ధర చెప్పడంలో ఉంది. అడగాల్సినవి అడగకుండా ఒక్కరోజులో మొత్తం చెప్పేశాడంటే, ఎవరికైనా పంపే ప్రపోజల్‌నే పేరు మార్చి పంపి ఉండవచ్చు. ఇందులో ‘పచ్చడి’ అన్న మాటే లేదు, గమనించారా? దీన్ని బట్టల కొట్టుకు పంపినా ఒక్క అక్షరం మార్చక్కర్లేదు.

వెనకవైపు మ్యాటర్ సంగతి మరీ ముఖ్యం. ఆహార పదార్థం లేబుల్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్, పదార్థాల జాబితా, నికర బరువు, అన్ని పన్నులతో కలిపి ఎమ్మార్పీ, తయారీ తేదీ, తయారుచేసినవారి చిరునామా, ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క ఉండే శాకాహార గుర్తు వంటివన్నీ ఉండాలి. ఇవి ఎవరు రాసివ్వాలి, నిబంధనలకు సరిపోయాయో లేదో ఎవరు చూసుకోవాలి? డిజైనర్ అక్షరాలు పేర్చగలడు కానీ, ఉప్పు ఎంత శాతమో అతనికెలా తెలుస్తుంది? మ్యాటర్ ఇచ్చే బాధ్యత ఆవిడదే అని రాసుకుంటే ఇద్దరికీ మంచిది. ‘10 రోజుల్లో’ అన్న గడువు కూడా దీనికే ముడిపడి ఉంది. పది రోజులు అడ్వాన్స్ అందిన రోజు నుంచా, మ్యాటర్ మొత్తం చేతికందిన రోజు నుంచా? మొదటి డిజైన్ చూపడానికా, ప్రెస్సుకు పంపే ఫైల్ ఇవ్వడానికా?

ఇక ‘తదితరాలు’. ఈ మాట ఉన్న ప్రపోజల్‌ను వెనక్కి పంపి, దాని బదులు ఏముందో రాయమనండి. ఇచ్చేవాడికి అందులో ఏమీ ఉండదు, తీసుకునేవాళ్లకు అన్నీ ఉంటాయి. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 29వ సెక్షన్‌లో దీనికి చక్కటి ఉదాహరణ ఉంది. ఒకరు ఇంకొకరికి వంద టన్నుల నూనె అమ్ముతానని ఒప్పుకున్నారు, ఏ నూనో తేల్చే ఆధారం ఎక్కడా లేదు. అర్థం తేలని ఆ ఒప్పందం చెల్లదు అంటుంది చట్టం. మన పద్దెనిమిది వేల కోసం ఎవరూ కోర్టుకెక్కరు, నిజమే. కానీ ఏ నూనె అన్నది తేలకపోతే అడిగే హక్కు కూడా పలచబడిపోతుంది.

పని ఎంతో తేలాక, చేతికి ఏమొస్తుందన్నది రెండో ప్రశ్న. ‘లోగో చేసి ఇస్తాం’ అంటే వాట్సాప్‌లో ఒక జేపీజీ బొమ్మ పంపినా మాట నిలబెట్టుకున్నట్టే. ఆ బొమ్మ ఫోన్‌లో ముద్దుగా ఉంటుంది. దాన్నే దుకాణం బోర్డుకు పెద్దది చేస్తే అంచులు గళ్లుగళ్లుగా పగిలిపోతాయి. ఎంత పెంచినా చెదరని వెక్టర్ ఫైల్ కావాలి. అచ్చుకు పంపేది సీఎంవైకే రంగుల్లో, కత్తిరింపు కోసం చుట్టూ మూడు మిల్లీమీటర్లు అదనంగా వదిలిన పీడీఎఫ్ అయి ఉండాలి. వీటితోపాటు మన ప్రెస్సుల్లో ‘ఓపెన్ ఫైల్’ అంటారే, మళ్లీ తెరిచి మార్చుకోగల అసలు ఫైల్, అది కూడా ఇస్తాడా లేదా అన్నది రాసి ఉండాలి. కొందరు దానికి విడిగా డబ్బు తీసుకుంటారు. అందులో తప్పులేదు, ముందే చెబితే.

తెలుగు లేబుళ్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. ఇక్కడ డిజైన్ పని ఇప్పటికీ చాలావరకు అను ఫాంట్లలోనే నడుస్తుంది. అవి యూనికోడ్ కాదు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఫైల్ తెరిస్తే ‘గోంగూర’ ఉండాల్సిన చోట అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు ప్రత్యక్షమవుతాయి. అలా జరక్కుండా డిజైనర్లు అక్షరాలను కర్వ్స్‌గా మార్చి పంపుతారు. అచ్చుకు అది భద్రం. కానీ ఒకసారి కర్వ్స్ అయ్యాక అవి అక్షరాలు కావు, బొమ్మలు. ఎమ్మార్పీ పది రూపాయలు పెరిగితే అంకె దిద్దడానికి కూడా మళ్లీ అతని దగ్గరికే వెళ్లాలి. అందుకే రెండు ప్రతులు అడగాలి. ఒకటి అచ్చు కోసం కర్వ్స్ చేసినది, రెండోది అక్షరాలు దిద్దుకోగలిగినది, ఏ ఫాంట్ వాడారో పేరుతో సహా.

ఫైల్ చేతికొచ్చినంత మాత్రాన డిజైన్ మనదైపోదు. మన కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగి కాకుండా బయటివ్యక్తి గీసిన లోగోకు మొదటి హక్కుదారు సాధారణంగా గీసినవారే. హక్కు మనకు రావాలంటే రాతపూర్వకంగా బదలాయించి సంతకం చేయాలి. ఆ రాతలో ఎంతకాలానికో చెప్పకపోతే చట్టం దాన్ని ఐదేళ్లకే అనుకుంటుంది, ఎక్కడెక్కడో చెప్పకపోతే భారతదేశం వరకే. అమెరికాలోని తెలుగువాళ్లకు పచ్చళ్లు పంపాలన్న ఆలోచన ఉంటే ఆ రెండో ముక్క గుర్తుపెట్టుకోవాలి. ప్రపోజల్‌లో హక్కుల గురించి ఒక్క వాక్యమైనా లేకపోవడం చిన్న లోటేమీ కాదు.

ఇప్పుడు అందరికీ నచ్చే వాక్యానికొద్దాం. ‘మీకు నచ్చేవరకు మార్పులు ఉచితం.’ డబ్బు చెల్లించేవాళ్లకు ఇది వరంలా కనిపిస్తుంది. నా అనుభవంలో మాత్రం ప్రపోజల్ మొత్తంలో అందరికంటే ముందు అనుమానించాల్సింది ఈ వాక్యాన్నే. పద్దెనిమిది వేలకు అంతులేని పని ఎవరూ చేయలేరు. హద్దు కాగితం మీద లేకపోతే వేరే రూపంలో వస్తుంది. మొదటి మార్పు అదేరోజు సాయంత్రానికి అందుతుంది. మూడోది నాలుగు రోజులకు. ఐదోసారికి నీలం టిక్కులు పడతాయి కానీ జవాబు ఉండదు. రంగు మార్చమంటే రంగు మాత్రమే మార్చి, పక్కన ఒరిగిపోయిన అక్షరాన్ని అలాగే వదిలేస్తాడు. అవతలివైపు అతని కష్టం కూడా చూడాలి. ఈవిడకు పసుపు నచ్చితే అత్తగారికి ఎరుపు కావాలి, దుబాయ్‌లో ఉన్న కొడుకు ఫోన్‌లో చూసి అసలు మామిడికాయ బొమ్మే వద్దంటాడు. ఈ ముగ్గురూ మూడు రోజుల్లో మూడు మెసేజ్‌లు పెడితే అది ఒక మార్పా, మూడా?

అందుకే ఎన్నిసార్లు అన్న అంకె ఒక్కటే చాలదు. ‘రెండు రివిజన్లు’ అని రాసినా, ఒక రివిజన్ అంటే ఏమిటో లేకపోతే గొడవ అక్కడికే వస్తుంది. ఇంట్లో అందరి మాటా కలిపి ఒకేసారి రాసి పంపేది ఒక రౌండ్ అనుకోవడం న్యాయంగా ఉంటుంది. ఒప్పుకున్న డిజైన్‌లో రంగు, సైజు, అమరిక మార్చడం రివిజన్. దాన్ని పక్కన పడేసి కొత్త ఆలోచనతో మొదలుపెట్టమనడం కొత్త పని, దానికి కొత్త ధర. ఇచ్చిన మ్యాటర్‌ను డిజైనర్ తప్పుగా కొడితే, ‘ఉసిరి’ కాస్తా ‘ఊసిరి’ అయితే, ఆ కరెక్షన్ లెక్కలోకి రాకూడదు. మ్యాటరే ఈవిడ తప్పుగా ఇస్తే అది వస్తుంది. ప్రూఫ్ చూసి సరేనన్నాక చేసే మార్పు వేరు, దానికి ముందు చేసేది వేరు. ఇన్ని రోజుల్లో జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే భావిస్తాం అన్న వాక్యం కొన్ని ప్రపోజల్స్‌లో చివర ఎక్కడో ఉంటుంది. అది ఉంటే ఆ రోజులు చాలవేమో చూసుకోవాలి. పెళ్లిళ్ల సీజన్‌లో, కాయ కోతకొచ్చిన రోజుల్లో ఐదు రోజులంటే ఎంత?

ఇవన్నీ చూశాక ఆవిడ చేయాల్సింది ప్రపోజల్‌ను చింపేయడం కాదు. సీసాల కొలతలు, పచ్చళ్ల పేర్లు తాను ముందు రాసి పంపి, ‘బాబూ, ఇందులో ఏవేవి మీ ధరలో ఉన్నాయో, ఏవి లేవో రాసి పంపండి’ అని అడగడం. ‘లేవో’ అన్నది మరిచిపోకూడదు. చేయనివి రాసే అలవాటున్నవాడు చేసేవి కూడా లెక్క చూసుకునే రాస్తాడు. ‘అవన్నీ చూసుకుంటాం మేడమ్, మీరేం కంగారు పడకండి’ అని జవాబొస్తే ఆ పని అతనికివ్వకపోవడమే మేలు.

సరైన జవాబు ఇలా ఉంటుంది: “లోగోకు రెండు నమూనాలు చూపుతాను, ఒకటి ఎంచుకోవాలి. నాలుగు పచ్చళ్లకు, మూడు సైజుల్లో, మొత్తం 12 లేబుళ్లు. మ్యాటర్ మీరే ఇవ్వాలి. లోగోకు రెండు రౌండ్లు, లేబుళ్లకు రెండు రౌండ్ల మార్పులు, ఆపైన రౌండుకు 1,000 రూపాయలు. నా టైపింగ్ తప్పులకు లెక్క లేదు. అచ్చు పీడీఎఫ్, ఓపెన్ ఫైల్ ఇస్తాను. పూర్తి సొమ్ము అందాక హక్కులు కాలపరిమితి లేకుండా, అన్ని దేశాలకూ మీ పేర రాసి సంతకం చేస్తాను. మ్యాటర్ అందిన 12 పనిదినాల్లో మొదటి ప్రూఫ్. పోస్టర్లు ఐదు. ఫొటోలు, అచ్చు ఖర్చు ఇందులో లేవు. మొత్తం 27,000.”

తొమ్మిది వేలు పెరిగిందే అనిపిస్తుంది. కానీ ఇప్పుడు బేరం ఆడటానికి చేతిలో ఏదో ఉంది. పోస్టర్లు ఇప్పుడే అక్కర్లేదని ఆవిడ తీసేయించవచ్చు. కిలో సీసాలు సూపర్‌మార్కెట్ వాళ్లు అడగనే లేదు కాబట్టి నాలుగు లేబుళ్లు తగ్గించుకోవచ్చు. అలా కోసుకుంటూ వస్తే మాట ఇరవై వేల దగ్గర కుదరవచ్చు. కిలో సీసా లేబుల్ వచ్చే మామిడికాయల సీజన్‌కు చూసుకుంటారు. ఓపెన్ ఫైలూ, హక్కు కాగితమూ తన దగ్గరే ఉంటాయి కనుక అది గుంటూరులో ఏ ప్రెస్సులోనైనా చేయించుకోవచ్చు.