వార్తల్లో పదం: ఫేస్‌ప్రింట్

ఫొటోను గిబ్లీ తరహా బొమ్మగా మార్చే సేవలతో పాటు వినిపిస్తున్న మాట ఇది. ముఖాన్ని గుర్తుపట్టడానికి కంప్యూటర్ తయారుచేసే అంకెల వరుసే ఫేస్‌ప్రింట్. కళ్లు, ముక్కు, దవడల తీరును బట్టి అది ఏర్పడుతుంది. ఒకే మనిషి వేర్వేరు ఫొటోల్లో ఉన్నా ఆ వరుసలు దగ్గరగా ఉంటాయి.

బొమ్మ గీయడానికి ఇది అక్కర్లేకపోవచ్చు. కానీ ఆ సేవల సర్వర్‌లో మిగిలిన అసలు ఫొటో నుంచి ఫేస్‌ప్రింట్‌ను ఎప్పుడైనా తీయవచ్చు. పాస్‌వర్డ్‌ను మార్చుకోగలం, ముఖాన్ని మార్చుకోలేం. అమెరికాలో ఎవర్ అనే ఫొటో యాప్ వినియోగదారుల చిత్రాలతో ముఖ గుర్తింపు సాంకేతికతను రూపొందించిందన్న ఆరోపణపై, ఆ సాంకేతికతను తొలగించాలని 2021లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆదేశించింది.

బొమ్మ గీసే స్టేబుల్ డిఫ్యూజన్ వంటి ప్రోగ్రామ్‌ను సొంత కంప్యూటర్‌లో, ఇంటర్నెట్ ఆపి నడిపితే ఫొటో బయటికి పోదు. అందుకు మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. అప్‌లోడ్ చేయక తప్పకపోతే స్క్రీన్‌షాట్ పంపాలి. ఫొటో తీసిన చోటు వివరాలు అందులో ఉండవు, ముఖం మాత్రం ఉంటుంది.