కొలతలన్నీ సరిపోయినా ఊగిన వంతెన

2000 జూన్ 10న లండన్‌లో థేమ్స్ నది మీద ఒక కొత్త నడక వంతెన తెరిచారు. దాని పేరు మిలీనియం బ్రిడ్జి. ఒక ఒడ్డున సెయింట్ పాల్స్ చర్చి, ఇంకో ఒడ్డున టేట్ మోడర్న్ ఆర్ట్ గ్యాలరీ. ఇంజినీరింగ్ బాధ్యత అరూప్ అనే పేరున్న సంస్థది. మొదటి రోజే వేల మంది దాని మీద నడిచారు. జనం చేరేకొద్దీ వంతెన పక్కలకు ఊగడం మొదలైంది. నడిమి భాగం దాదాపు 7 సెంటీమీటర్ల వరకు అటూ ఇటూ కదిలింది. కొందరు నడక ఆపేసి రెయిలింగ్ పట్టుకున్నారు. రెండు రోజులకే వంతెనను మూసేశారు.

వంతెన కూలే ప్రమాదం ఏ దశలోనూ లేదు. ఉక్కులో లోపం లేదు, కేబుళ్లలో లోపం లేదు, కట్టినవాళ్లు డ్రాయింగుకు తప్పి ఏమీ చేయలేదు. అయినా జనం దాని మీద నడవలేకపోయారు. వెరిఫికేషన్, వాలిడేషన్ అనే రెండు తనిఖీలు ఎందుకు వేరో అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

వెరిఫికేషన్ అంటే కాగితం మీద రాసుకున్నది రాసుకున్నట్టే కట్టామా అని చూడడం. వంతెన విషయంలో ఇది అడుగడుగునా జరుగుతుంది. పునాదికి పోసే కాంక్రీటులోంచి కొంత తీసి క్యూబులు పోస్తారు. వాటిని 7 రోజులకు, 28 రోజులకు యంత్రంలో పెట్టి నలగ్గొట్టి, డిజైన్‌లో అడిగిన బలం వచ్చిందా అని చూస్తారు. వెల్డింగ్ అతుకుల లోపల పగుళ్లున్నాయేమోనని అల్ట్రాసౌండ్‌తో వెతుకుతారు. కేబుల్‌ను ఎంత బిగువుతో లాగారో కొలిచి లెక్కతో సరిచూస్తారు. డిజైన్ లెక్కలను కూడా ప్రభుత్వ ప్రమాణాలతో, అంటే కోడ్‌తో, పోల్చి చూస్తారు. ఈ పరీక్షలన్నిటికీ ఎదుట ఒక కాగితం ఉంటుంది. దానిలో ఉన్న అంకె, చేతికి వచ్చిన అంకె కలిస్తే పాస్, కలవకపోతే ఫెయిల్.

వాలిడేషన్ అడిగేది ఇంకో ప్రశ్న. ఈ వంతెన ఎవరి కోసం కట్టామో, వాళ్లకు అది పనికొస్తోందా? ఇక్కడ పోల్చి చూడాల్సింది కాగితంతో కాదు, వాడే మనిషితో, వాడే పరిస్థితితో. కాగితంలో ఏదైనా రాయడం మరిచిపోయి ఉంటే, వెరిఫికేషన్ ఆ లోటును పట్టుకోలేదు. రాయని మాటకు ఎవరూ టిక్కు పెట్టరు కదా.

లండన్‌లో సరిగ్గా అదే జరిగింది. మనిషి నడిచేటప్పుడు సెకనుకు దాదాపు రెండు అడుగులు వేస్తాడు. ప్రతి అడుగూ నేలను కిందికి నొక్కుతుంది. అప్పట్లో బ్రిటన్‌లో వాడుతున్న వంతెనల కోడ్ ఈ నిలువు ఊపును లెక్కలోకి తీసుకుంది. కానీ అడుగు నేలను పక్కకు కూడా కొంచెం నెడుతుంది. కుడికాలు ఒకవైపు, ఎడమకాలు ఇంకోవైపు. అంటే సెకనుకు దాదాపు ఒకసారి ఈ పక్క తోపు అటూ ఇటూ తిరుగుతుంది. కిందికి పడే బరువు ముందు ఇది చాలా స్వల్పం. గుంపుగా నడిచే జనం నుంచి వచ్చే ఈ పక్క ఊపుకు కోడ్‌లో లెక్క లేదు.

మిలీనియం బ్రిడ్జి సన్నగా, తేలిగ్గా కనిపించాలని దాని కేబుళ్లను చాలా చదునుగా లాగారు. నడిమి భాగం పొడవు 144 మీటర్లయితే, అంత దూరంలో కేబుల్ జారుడు 2.3 మీటర్లే. అలాంటి వంతెన పక్కలకు సహజంగా ఊగే వేగం మనిషి నడకలోని పక్క తోపు వేగానికి దగ్గరగా వచ్చింది. కాళ్ల కింద నేల కాస్త కదిలితే మనిషి పడిపోకుండా కాళ్లు ఎడంగా వేసి సర్దుకుంటాడు. ఆ సర్దుబాటు వంతెనను ఇంకొంచెం నెడుతుంది. ఊపు పెరిగితే సర్దుబాటూ పెరుగుతుంది. ఇలా ఊపును జనమే పెంచారు, అదీ తమకు తెలియకుండానే.

తర్వాత అరూప్ ఇంజినీర్లు తమ ఉద్యోగులనే వంతెన మీద నడిపించి, మనుషుల సంఖ్యను కొంచెం కొంచెంగా పెంచుతూ కొలిచారు. ఒక సంఖ్య వరకు ఊపు దాదాపు తెలియలేదు. అది దాటి మరికొందరు చేరగానే ఒక్కసారిగా పెరిగిపోయింది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది ఇదే. ప్రారంభానికి ముందు పదిమందిని నడిపించి ఉంటే వంతెన నిశ్చింతగా పాసయ్యేది. వాలిడేషన్ నిజమైన సంఖ్యలో, నిజమైన తీరులో జరగాలి. నామమాత్రపు పరీక్ష లేని ధైర్యాన్ని ఇస్తుంది.

మరి కట్టేశాక తప్ప ఇది తెలిసే దారే లేదా? ఉంది. ఇలాంటి పక్క ఊపు అంతకుముందే కొన్ని వంతెనల మీద కనిపించింది. జపాన్‌లో జనంతో కిక్కిరిసిన ఒక నడక వంతెన ఊపును పరిశోధకులు కొలిచి, 1993లోనే ఒక పత్రికలో రాశారు. అయితే ఆ సంగతి వంతెనలు డిజైన్ చేసేవాళ్లు రోజూ తెరిచే కోడ్‌లోకి చేరలేదు. వాలిడేషన్ అంటే చివరి రోజు పరీక్ష మాత్రమే అనుకోకూడదు. డిజైన్ కాగితం మీద ఉండగానే ‘దీన్ని ఎవరు, ఎంతమంది, ఎలా వాడతారు? ఇలాంటివి ఇతర చోట్ల ఎలా నడిచాయి?’ అని అడగడం కూడా వాలిడేషనే. అప్పుడు దిద్దుకుంటే ఖర్చు తక్కువ.

లండన్‌లో దిద్దుబాటుకు దాదాపు 50 లక్షల పౌండ్లు అయ్యాయి. వంతెన కింద 37 విస్కస్ డాంపర్లు అమర్చారు. ఇవి మోటార్ సైకిల్ షాక్ అబ్జార్బర్ల లాగా ఊపులోని శక్తిని మింగేస్తాయి. వాటితోపాటు, ఊపుకు ఎదురుగా కదిలే బరువులున్న డాంపర్లు 50కి పైగా పెట్టారు. ఈసారి రెండు తనిఖీలూ జరిగాయి. డాంపర్లు లెక్క ప్రకారం పనిచేస్తున్నాయా అని కొలవడం వెరిఫికేషన్. 2002 జనవరిలో దాదాపు 2000 మందిని వంతెన మీద నడిపించి చూడడం వాలిడేషన్. ఊపు తెలియనంతగా తగ్గింది. ఫిబ్రవరి 22న వంతెన మళ్లీ తెరుచుకుంది.

దీన్నిబట్టి వెరిఫికేషన్ చిన్నదని అనుకోవద్దు. 2000 మంది హాయిగా నడిచి వెళ్లినా, ఒక అతుకులో దాగిన పగులు ఆ రోజు బయటపడకపోవచ్చు. పదేళ్ల తర్వాత పడవచ్చు. దాన్ని ముందుగా పట్టేది అల్ట్రాసౌండే, జనం కాదు. ఒక తనిఖీ చేయాల్సిన పని ఇంకోటి చేయలేదు.

సాఫ్ట్‌వేర్ రంగంలోనూ ఇవే రెండు మాటలు, ఇదే తేడా. ఆన్‌లైన్ దరఖాస్తు ఫారం రాసుకున్న షరతులన్నీ పాటించవచ్చు. కానీ దాన్ని నింపాల్సిన రైతు చేతిలోని చిన్న ఫోన్‌లో అది తెరుచుకోకపోతే, వెరిఫికేషన్ పాసై వాలిడేషన్ ఫెయిలైనట్టే.

కాబట్టి ఇకమీదట ఎవరైనా ‘అన్నీ పరీక్షించాం’ అంటే రెండు ప్రశ్నలు అడగండి. దేనితో పోల్చి పరీక్షించారు? వాడబోయేవాళ్లలో ఎంతమంది, ఎలాంటి పరిస్థితిలో వాడి చూశారు? రెండింటికీ విడివిడిగా జవాబు వస్తేనే పరీక్ష పూర్తయినట్టు.