వీసాకు హామీ ఇవ్వని రీల్

విదేశీ చదువుల కన్సల్టెన్సీలు చేసే రీల్స్‌లో మాటలన్నీ పిల్లలతోనే. కానీ ఎఫ్‌డీ తీసేది, లోన్ కోసం ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టేది అమ్మానాన్నలు. వాళ్లతో నేరుగా, ఉన్నదున్నట్టు మాట్లాడే రీల్ రాయాలంటే ఏమేం చెప్పాలి? తెలుగు ఇళ్లలో ఎక్కువగా వినపడే అమెరికా ఎంఎస్‌నే తీసుకుని చూద్దాం.

అలాంటి స్క్రిప్టు డబ్బు దగ్గరే మొదలవ్వాలి. "అమ్మా, నాన్నగారూ, యూనివర్సిటీ నుంచి ఐ-20 వచ్చిందా? అందులో ఖర్చుల పట్టిక పైన అది ఎన్ని నెలల లెక్కో రాసి ఉంటుంది. ముందు ఆ అంకె చూడండి."

అసలు కిటుకు ఆ అంకెలోనే ఉంది. చాలా ఐ-20లలో అది తొమ్మిది నెలలే. అంటే పట్టికలో కనిపించేది ఒక విద్యా సంవత్సరం ఖర్చు. మధ్యలో వచ్చే వేసవి మూడు నెలల అద్దె, తిండి అందులో ఉండవు. ఉదాహరణకు ఫీజు 20 వేల డాలర్లు, ఉండటానికీ తినడానికీ 12 వేలు, ఆరోగ్య బీమా, పుస్తకాలు 3 వేలు, మొత్తం 35 వేల డాలర్లని రాసి ఉందనుకుందాం. రెండేళ్లకు 70 వేలు. వేసవికి ఇంకో 4 వేలు. డాలరు 90 రూపాయల చొప్పున వేస్తే 66 లక్షల 60 వేల రూపాయలు. విమాన టికెట్టు దీనికి అదనం. "ముప్పై లక్షల్లో ఎంఎస్" అనే రీల్ చాలాసార్లు ఒక్క ఏడాది లెక్కే చెబుతుంది.

ఇందులో 40 లక్షలు లోన్ అనుకుందాం. వడ్డీ 11 శాతం, డబ్బు రెండు విడతలుగా, ఏటా 20 లక్షల చొప్పున విడుదలైందనుకుంటే మొదటి ఏడాది 2 లక్షల 20 వేలు, రెండో ఏడాది 4 లక్షల 40 వేలు వడ్డీ పడుతుంది. చదువు పూర్తయ్యేదాకా ఈఎంఐ కట్టక్కర్లేదని చెబుతారు కానీ, ఆ కాలంలోనూ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. డిగ్రీ చేతికొచ్చేనాటికి బాకీ 46 లక్షలు దాటుతుంది. స్క్రిప్టులో ఈ ఒక్క లెక్కా చెబితే చాలు, ఇంట్లో ఆ రాత్రి జరిగే చర్చ మారిపోతుంది.

"పార్ట్‌టైమ్ చేసుకుని వాడే కట్టేసుకుంటాడు" అన్న మాటకూ రీల్‌లో జవాబుండాలి. ఎఫ్-1 వీసా మీద వెళ్లినవాళ్లు తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటల్లోపే పనిచేయాలి. గంటకు 12 డాలర్లొచ్చినా వారానికి 240. అది కూడా క్యాంపస్‌లో పని దొరికితేనే. గదద్దెకు, సరుకులకు సాయపడుతుందేమో కానీ యూనివర్సిటీ ఫీజుకు చాలదు. అనుమతి లేకుండా బయట దుకాణాల్లో చేస్తే వీసా హోదాకే ముప్పు.

ఇక వీసా. "గ్యారంటీ" అన్న మాట స్క్రిప్టులో ఎక్కడా రాకూడదు. దాని బదులు ఇలా చెప్పొచ్చు: "వీసా ఇచ్చేది కాన్సులేట్ అధికారి, మేం కాదు. ఫారాలు తప్పుల్లేకుండా నింపిస్తాం, ఇంటర్వ్యూ ప్రాక్టీసు చేయిస్తాం. నిర్ణయం మాత్రం మా చేతిలో లేదు." అమెరికా చట్టంలోని 214(బి) సెక్షన్ ప్రకారం, చదువుకే వెళ్తున్నామని, అక్కడే స్థిరపడిపోయే ఉద్దేశం లేదని నమ్మించాల్సిన బాధ్యత విద్యార్థిదే. ఆ సెక్షన్ కింద తిరస్కరిస్తే అప్పీలు లేదు. మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు, వీసా దరఖాస్తు ఫీజు మళ్లీ కట్టాలి. సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా దరఖాస్తు ఫీజు 185 డాలర్లు, కలిపి దాదాపు 48 వేల రూపాయలు. వీసా రాకపోయినా ఇవి వెనక్కి రావు.

కొన్నిచోట్ల గ్యారంటీ వెనకే ఇంకో మాట వస్తుంది: "బ్యాంకు బ్యాలెన్స్ మేం చూపిస్తాం." కమీషన్ తీసుకుని ఎవరి డబ్బో కొన్నాళ్లు ఖాతాలో వేయించి, స్టేట్‌మెంట్ తీయించడమే ఇది. తప్పుడు సమాచారంతో వీసాకు ప్రయత్నించినట్టు తేలితే ఆ పిల్లవాడికి అమెరికా దారి జీవితాంతం మూసుకుపోవచ్చు. అప్పుడా కన్సల్టెన్సీ చేయగలిగింది ఏమీ ఉండదు. "ఇలా చూపిస్తామన్న చోటికి వెళ్లకండి" అని రీల్ సూటిగా చెప్పాలి.

చివరి పది సెకన్లు కన్సల్టెన్సీ తన సంగతి చెప్పుకోవడానికి. విద్యార్థి చేరితే కొన్ని యూనివర్సిటీలు ఏజెంట్లకు కమీషన్ ఇస్తాయి. అందుకే ఏ యూనివర్సిటీ మంచిదన్న సలహా వెనక ఆ లెక్క కూడా ఉండే వీలుంది. నిజాయితీగల రీల్ కింద క్యాప్షన్‌లో మూడు వివరాలుంటాయి: కుటుంబం నుంచి తాము తీసుకునే ఫీజెంత, సూచించే యూనివర్సిటీల్లో ఏవి తమకు కమీషన్ ఇస్తాయి, వీసా రాకపోతే కట్టిన దాంట్లో ఎంత, ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు. ఆఫీసుకు వచ్చిన తల్లిదండ్రులకు ఇవే వివరాలు సంతకంతో కాగితం మీద ఇవ్వాలి, అదీ అడ్వాన్సు తీసుకోకముందే.