స్ట్రిక్ట్ నాట్: తలుపు ఏ రౌటర్ దగ్గర మూసుకుంది?

సినిమా ఆగకుండా ఆడుతుంది. గేమ్ డౌన్‌లోడ్ గబగబా అయిపోతుంది. కానీ ఎక్స్‌బాక్స్‌లో నలుగురు స్నేహితులు కలిసి కూర్చుంటే ఒకరి గొంతు మాత్రం వినిపించదు, పిలిచినా వాళ్లు ఆటలోకి రాలేరు. నెట్‌వర్క్ సెట్టింగ్స్ తెరిస్తే NAT type దగ్గర Strict అని ఉంటుంది. ఇది చూసి చాలామంది ఇంకా వేగమైన ప్లాన్‌కు మారతారు. వేగానికీ దీనికీ సంబంధం లేదు.

ఇంట్లో ఫోన్లు, టీవీ, కన్సోల్ ఎన్ని ఉన్నా బయటి ప్రపంచానికి కనిపించే ఐపీ అడ్రసు ఒక్కటే. ఎవరు ఏది అడిగారో రౌటర్ రాసిపెట్టుకుని, జవాబు రాగానే వాళ్లకు అందిస్తుంది. ఈ పనినే నాట్ అంటారు. సినిమాను ముందుగా అడిగింది మనమే కాబట్టి దానికి ఇబ్బంది రాదు. స్నేహితుడి కన్సోల్ మన కన్సోల్‌ను నేరుగా పలకరించాలనుకున్నప్పుడే చిక్కు. మనం అడగని సమాచారం ఎవరికి ఇవ్వాలో రౌటర్‌కు తెలియదు, పారేస్తుంది.

ఓపెన్ ఉన్నవాళ్లు ఎవరితోనైనా కలవగలరు. మోడరేట్ ఉన్నవాళ్లకు ఓపెన్, మోడరేట్ వాళ్లతో కుదురుతుంది. స్ట్రిక్ట్ ఉన్నవాళ్లకు ఓపెన్ వాళ్లే గతి. ప్లేస్టేషన్ వీటినే 1, 2, 3 టైపులుగా చూపిస్తుంది. అయితే టైప్ 1 అంటే రౌటర్ లేకుండా నేరుగా ఇంటర్నెట్‌కు తగిలించినట్టు. రౌటర్ ఉన్న ఇంట్లో టైప్ 2 వస్తే చాలు, 1 కోసం తంటాలు పడనక్కర్లేదు. కంపెనీ సొంత సర్వర్ల మీద నడిచే ఆటల్లో స్ట్రిక్ట్ ఉన్నా పెద్దగా తేడా తెలియకపోవచ్చు. ఆటగాళ్లు నేరుగా కలిసే ఆటల్లో, వాయిస్ పార్టీల్లో బయటపడుతుంది.

రౌటర్‌లో యూపీఎన్‌పీ అనే సదుపాయం ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే తనకు కావలసిన పోర్టు తెరవమని కన్సోలే రౌటర్‌ను అడుగుతుంది. ఎక్స్‌బాక్స్ మామూలుగా అడిగేది 3074. చాలా ఇళ్లలో ఈ ఒక్క మార్పుతో ఓపెన్ వచ్చేస్తుంది. రౌటర్‌నూ కన్సోల్‌నూ పూర్తిగా ఆపి మళ్లీ వేయాలి. ఎక్స్‌బాక్స్ ముందున్న పవర్ బటన్‌ను 10 సెకన్లు నొక్కి పట్టుకుంటే పూర్తిగా ఆగుతుంది. స్లీప్‌లో పెడితే పాత స్థితే మిగిలిపోవచ్చు.

యూపీఎన్‌పీ ఆన్ చేసినా మారకపోతే? ఒక ఇంటిని తీసుకుందాం. ఫైబర్ కంపెనీ బిగించిన పెట్టె అడ్రసు 192.168.1.1. దాని వైఫై సరిపోక ఇంకో రౌటర్ కొని తగిలించారు, దాని అడ్రసు 192.168.0.1. కన్సోల్ ఈ కొత్త రౌటర్‌కు కలిసి ఉంది. కొత్త రౌటర్ స్టేటస్ పేజీలో WAN IP దగ్గర 192.168.1.5 అని కనిపిస్తుంది. 192.168తో మొదలయ్యేది ఇంటి లోపలి అడ్రసు. అంటే కన్సోల్ అడిగినప్పుడు కొత్త రౌటర్ తన తలుపు తీసింది, కంపెనీ పెట్టె తలుపు మూసే ఉంది. దీన్ని డబుల్ నాట్ అంటారు. కొత్త రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టడం తేలిక మార్గం. అప్పుడది వైఫై మాత్రమే ఇస్తుంది, నాట్ పని పాత పెట్టె ఒక్కటే చూసుకుంటుంది. యూపీఎన్‌పీ కూడా ఆ పెట్టెలోనే ఆన్ చేయాలి.

కొన్ని పెట్టెల్లో యూపీఎన్‌పీ ఉండదు. అప్పుడు కన్సోల్‌కు ఎప్పుడూ ఒకే అడ్రసు వచ్చేలా రిజర్వ్ చేసి, 3074 పోర్టును చేత్తో ఆ అడ్రసుకు మళ్లించాలి. రిజర్వ్ చేయకపోతే కొన్నాళ్లకు అడ్రసు మారి మళ్లీ స్ట్రిక్ట్ అవుతుంది. ఇంట్లో రెండు ఎక్స్‌బాక్స్‌లుంటే ఒక పోర్టును ఒక్కదానికే మళ్లించగలం. రెండోదాని అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో Alternate port selection తెరిచి వేరే పోర్టు ఎంచుకుని, రౌటర్‌లో దానికి కూడా ఇలాగే దారి చూపాలి.

ఇవన్నీ చేసినా ఫలితం లేకపోతే, కంపెనీ పెట్టెలోని WAN IP చూడండి. అది 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అంకెలతో మొదలైతే, ఇంకో నాట్ కంపెనీ దగ్గరే ఉంది. ఐపీవీ4 అడ్రసులు చాలక చాలామంది ఇళ్లను ఒకే అడ్రసు వెనక పెడుతున్నారు. మీ ఇంట్లో ఏ సెట్టింగ్ మార్చినా ఆ తలుపు తెరుచుకోదు. ఎక్స్‌బాక్స్ ఉన్నవాళ్లు రౌటర్‌లో ఐపీవీ6 ఆన్ చేసి చూడవచ్చు, అవతలివాళ్లకూ అది ఉంటే ఉపయోగం. లేకపోతే పబ్లిక్ ఐపీ ఇస్తారేమో, నెలకు ఎంత అవుతుందో కంపెనీని అడగాలి.

అందుకే గేమింగ్ రౌటర్ అని రాసి ఉన్న ఖరీదైన పెట్టె కొనేముందు WAN IP ఒకసారి చూసుకోండి.