తెరమీది గడుల్లో కాలం

1897లో స్ట్రాస్‌బుర్గ్‌లో ఫెర్డినాండ్ బ్రౌన్ తయారుచేసిన గాజు గొట్టంలో ఎలక్ట్రాన్ పుంజం ఒకే దిశలో ఊగేది. పక్కనున్న తీగచుట్టలో కరెంటు మారుతుంటే తెరమీది చుక్క అటూ ఇటూ కదిలి గీతలా కనబడేది. ఆ గీతను తరంగంగా విప్పి చూడటానికి ఆయన తిరిగే అద్దం వాడాడు. రెండేళ్ల తర్వాత ఆయన సహాయకుడు యోనథాన్ జెన్నెక్ చుక్కను రెండో దిశలో కూడా సమవేగంతో నడిపించాడు. దాంతో తెరమీద అడ్డు దూరం కాలమైంది.

అయితే ఎంత దూరానికి ఎంత కాలం? చాలాకాలం వరకు మామూలు ఆసిలోస్కోపుల్లో దీనికి నమ్మదగిన జవాబు లేదు. బొమ్మ నిలవాలంటే చుక్క వేగాన్ని సిగ్నల్‌కు తగ్గట్టు సర్దుతూ ఉండాలి, కాబట్టి ఆ వేగం ఎంతో ఖాయంగా చెప్పలేం. 1947లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో టెక్ట్రోనిక్స్ సంస్థ తెచ్చిన 511 మోడల్ ఈ చిక్కును విప్పింది. సిగ్నల్ ఒక నిర్ణీత స్థాయిని దాటినప్పుడే చుక్క ప్రయాణం మొదలవుతుంది. దీన్నే ట్రిగ్గర్ అంటాం. ప్రయాణవేగం నాబ్ మీద అంకెల్లో ఉంటుంది. ఇవాళ డిగ్రీ మొదటి ఏడాది ల్యాబులో సి.ఆర్.ఓ. ముందు కూర్చున్న విద్యార్థి కాలాన్ని కొలవగలిగేది ఈ రెండు ఏర్పాట్ల వల్లే.

ఒక ప్రయోగం చూద్దాం. 1 కిలో ఓమ్ నిరోధం, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ శ్రేణిలో కలిపి, ఫంక్షన్ జనరేటర్ నుంచి 1 కిలోహెర్ట్జ్ సైన్ తరంగం ఇచ్చాం. మొత్తం వోల్టేజి మొదటి ఛానెల్‌కు, నిరోధం మీది వోల్టేజి రెండో ఛానెల్‌కు వెళ్తాయి. రెండు ఛానెళ్ల గ్రౌండు ఒకటే కాబట్టి నిరోధం గ్రౌండు వైపున ఉండాలి.

తెరమీద నిలువుగా 8, అడ్డంగా 10 గడులుంటాయి. మొదటి తరంగం శిఖరం నుంచి లోయ వరకు 6 గడులు, నాబ్ గడికి 1 వోల్టు దగ్గర ఉంది. అంటే మొత్తం 6 వోల్టులు, కంపన పరిమితి అందులో సగం, 3 వోల్టులు. మల్టీమీటరు మాత్రం 2.1 చూపిస్తుంది, ఎందుకంటే అది ఆర్.ఎం.ఎస్. విలువ చెబుతుంది. రెండూ సరైనవే.

గడికి 0.1 మిల్లీసెకను చొప్పున ఒక ఆవర్తనం సరిగ్గా 10 గడులు పట్టింది, కాబట్టి ఆవర్తన కాలం 1 మిల్లీసెకను. దీన్ని శిఖరం నుంచి శిఖరానికి కొలవకపోవడం మంచిది. శిఖరం దగ్గర తరంగం చదునుగా ఉంటుంది, అసలు కొన ఎక్కడుందో కన్ను తేల్చలేదు. మధ్యరేఖను దాటేచోట నిటారుగా ఉంటుంది, అక్కడ చదవాలి.

ఇక దశా భేదం. రెండో తరంగం మధ్యరేఖను మొదటిదానికంటే 1.6 గడులు ఎడమవైపే దాటుతోంది. ఎడమ అంటే ముందు జరిగింది, కాబట్టి నిరోధం మీది వోల్టేజే ముందుంది. 10 గడులకు 360 డిగ్రీలైతే 1.6 గడులకు 57.6. లెక్క ప్రకారం రావలసింది 57.9. బాగానే కుదిరింది గానీ, గడిలో పదోవంతు తప్పినా 3.6 డిగ్రీలు తేడా వస్తుంది. అందుకని వేగాన్ని గడికి 0.05 మిల్లీసెకనుకు మార్చి, పక్కనుండే చిన్న నాబ్‌తో సగం ఆవర్తనం 9 గడుల్లో సరిపోయేలా సర్దుతాం. అప్పుడు గడికి 20 డిగ్రీలు. ఆ నాబ్ కదిలించాక అంకెల్లోని వేగం చెల్లదు, ఆవర్తన కాలం చదవకూడదు. దశా భేదం మాత్రం రెండు పొడవుల నిష్పత్తే కాబట్టి దానికేమీ కాదు. వేగం అంకెలు లేని పాత పరికరాల మీద కూడా దీన్ని చదవగలిగేది అందుకే.

దీన్ని చెడగొట్టేది మధ్యరేఖ. రెండో తరంగం కంపన పరిమితి 3.2 గడులుండగా, దాని సున్నా స్థాయి 0.2 గడి పైకి జరిగితే చాలు, దాదాపు 3.6 డిగ్రీల తప్పు వస్తుంది. తెరను ఎంత సాగదీసినా ఇది తగ్గదు. కొలవబోయే ముందు రెండు ఛానెళ్లనూ గ్రౌండు స్థానంలో పెట్టి, రెండు గీతలనూ మధ్యరేఖ మీదికి తేవాలి.

ఒక్కోసారి ఏ కెపాసిటర్ పెట్టినా దశా భేదం సున్నాయే వస్తుంది. రెండు తరంగాలూ ఎడమ అంచున ఒకేచోట మొదలవుతుంటాయి. సర్క్యూట్ విప్పనక్కర్లేదు. ప్రతి ఛానెల్ తన సిగ్నల్‌తోనే ట్రిగ్గర్ అవుతోందేమో చూడాలి. అలాగైతే రెండు గీతలూ వేర్వేరు క్షణాల్లో మొదలవుతాయి, వాటి మధ్య దూరానికి అర్థం ఉండదు. ట్రిగ్గర్ సోర్సును మొదటి ఛానెల్‌కు మారిస్తే రెండో తరంగం తన అసలు చోటికి జరుగుతుంది.