దుకాణం మునిగితే ఇల్లు ఎవరిది పోతుంది?

ఖమ్మంలో ఇద్దరు తోడల్లుళ్లు టైల్స్, బాత్రూం సామాన్ల దుకాణం పెట్టారనుకుందాం. పెద్దల్లుడికి సొంత ఇల్లుంది. చిన్నల్లుడికి వ్యాపారం తెలుసు గానీ ఆస్తి లేదు. కొన్నేళ్లు బాగానే నడిచింది. తర్వాత ఒక బిల్డరు 12 లక్షల సరుకు అరువుకు తీసుకుని మొహం చాటేశాడు. ఇవతల టైల్స్ డీలర్లకు 20 లక్షల బాకీ, బ్యాంకు ఓడీ 15 లక్షలు ఉన్నాయి. దుకాణంలో ఉన్న సరుకంతా తెగనమ్మితే 9 లక్షలు వచ్చాయి. ఆ సరుకు బ్యాంకుకు హైపాథికేషన్‌లో ఉంది కాబట్టి డబ్బు అటే పోయింది. ఇంకా బ్యాంకుకు 6, డీలర్లకు 20, మొత్తం 26 లక్షలు తేలాయి. ఇవి ఎవరి జేబులోంచి రావాలన్నది దుకాణాన్ని ఏ పద్ధతిలో పెట్టారన్న దాని మీద ఉంటుంది.

దుకాణం పెద్దల్లుడి ఒక్కడి పేరునే ఉంటే అది ప్రొప్రైటర్‌షిప్. దీనికి విడిగా చట్టమూ లేదు, ఏర్పాటు చేసేందుకు రిజిస్ట్రేషనూ లేదు. జీఎస్టీ నంబరు, షాపు లైసెన్సు, కరెంటు ఖాతా ఉంటే సరిపోతుంది. బోర్డు మీద ఏ పేరున్నా చట్టం లెక్కలో దుకాణమూ యజమానీ ఒక్కటే, పాన్ కూడా ఒక్కటే. కాబట్టి 26 లక్షలూ ఆయనవే. డీలరు దావా గెలిస్తే ఇల్లు జప్తుకు వస్తుంది. ఒక్క మేలేమిటంటే, బిల్డరు మీద తన పేరుతోనే దావా వేసుకోవచ్చు, అందుకు దుకాణం ఎక్కడా రిజిస్టరై ఉండనక్కర్లేదు. బాకీ గడువు తేదీ దాటాక మూడేళ్లలోపు వేస్తే చాలు.

ఇద్దరి పేర్లతో పెడితే పార్ట్‌నర్‌షిప్. దీనికి 1932 నాటి చట్టం ఉంది, మన ఊళ్లలో ఎక్కువ దెబ్బ తినేదీ ఇక్కడే. డీడ్‌లో చెరి సగం అని రాసుకున్నారు. దాన్నిబట్టి అప్పులో కూడా తన వంతు సగమేనని పెద్దల్లుడు అనుకుంటాడు. ఆ సగం లెక్క వాళ్లిద్దరి మధ్యే నడుస్తుంది. బయటి వాళ్లకు ప్రతి భాగస్వామీ మొత్తం బాకీకి బాధ్యుడే. చిన్నల్లుడి దగ్గర ఏమీ లేదని తెలిసిన డీలరు 20 లక్షలూ పెద్దల్లుడి దగ్గరే వసూలు చేసుకోవచ్చు. తర్వాత చిన్నల్లుడి వంతు 10 లక్షలు అడిగి తెచ్చుకోవడం పెద్దల్లుడి తలనొప్పి.

ఆ 20 లక్షల్లో 8 లక్షల సరుకు చిన్నల్లుడు చెప్పాపెట్టకుండా ఆర్డరిచ్చిందే కావచ్చు. అయినా తప్పించుకోలేరు. వ్యాపారంలో మామూలుగా జరిగే పని ఏ భాగస్వామి చేసినా సంస్థ చేసినట్టే. ‘లక్ష దాటితే ఇద్దరూ సంతకం పెట్టాలి’ అని డీడ్‌లో ఉన్నా, ఆ షరతు డీలరుకు తెలియనప్పుడు అది అతణ్ని కట్టిపడేయదు.

ఇక బిల్డరు మీద దావాకు వస్తే ఇంకో గుంట ఉంది. సంస్థ రిజిస్టరై ఉండకపోతే కోర్టు ఆ దావాను కొట్టేస్తుంది. చట్టంలోని 69వ సెక్షన్ ప్రకారం, రిజిస్టరు కాని సంస్థ కాంట్రాక్టు బాకీల కోసం బయటివాళ్ల మీద దావా వేయలేదు. బయటివాళ్లు మాత్రం దాని మీద నిక్షేపంగా వేయొచ్చు. ‘మాది రిజిస్టరు సంస్థేనండీ, స్టాంపు పేపరు మీద డీడ్ ఉంది, నోటరీ ఉంది, జీఎస్టీ ఉంది, పాన్ ఉంది’ అంటారు చాలామంది. ఇవేవీ ఆ రిజిస్ట్రేషన్ కాదు. అది రిజిస్ట్రేషన్ల శాఖలో ఫర్మ్స్ రిజిస్ట్రార్ దగ్గర విడిగా చేయించుకోవాలి. అక్కడి పుస్తకంలో సంస్థ పేరూ భాగస్వాముల పేర్లూ ఎక్కాలి. మధ్యలో బావమరిదిని కలుపుకుంటే అతని పేరూ ఎక్కించాలి. దావా వేసే రోజున భాగస్వాములుగా ఉన్నవాళ్లంతా ఆ పుస్తకంలో కనబడాలి. ఆలస్యంగానైనా రిజిస్టరు చేయించుకుని, మూడేళ్ల గడువు మిగిలి ఉంటే కొత్తగా దావా వేసుకోవచ్చు. ఈలోగా ఆ గడువు తీరిపోవడమే ఎక్కువగా జరుగుతుంటుంది.

నోటిమాట వాటాలది మరీ అన్యాయం. బోర్డు పెద్దల్లుడిది, లాభం ఇద్దరిదీ, కాగితం లేదు. చట్టం దీన్ని కూడా పార్ట్‌నర్‌షిప్‌గానే చూడగలదు. అప్పుడు చిన్నల్లుడికి తన వాటా కోసం నేరుగా దావా వేసే దారి లేదు. సంస్థను రద్దు చేసి లెక్కలు తేల్చమని మాత్రం అడగొచ్చు. చుట్టాల మధ్య కాగితమెందుకని మొహమాటపడేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది.

కంపెనీ పెడితే సంగతి మారుతుంది. ప్రైవేటు కంపెనీకి కనీసం ఇద్దరు కావాలి, ఒక్కడే ఉంటే ఏకవ్యక్తి కంపెనీ ఉంది. కంపెనీ చట్టం కళ్లకు వేరే మనిషి. అప్పు కంపెనీది, ఆస్తి కంపెనీది. తోడల్లుళ్లు షేర్ల డబ్బు పూర్తిగా కట్టేసి ఉంటే డీలర్లు వాళ్ల ఇళ్ల జోలికి రాలేరు, మోసం బయటపడితే తప్ప. బిల్డరు దగ్గర రావలసిందేదో రాబట్టుకుని, దొరికిందాంతో సరిపెట్టుకోవాల్సిందే.

కానీ బ్యాంకు అలా వదలదు. చిన్న కంపెనీకి అప్పిచ్చేటప్పుడు డైరెక్టర్ల సొంత హామీ తీసుకోవడం దాదాపు మామూలు. పెద్దల్లుడు ఆ హామీ కాగితం మీద సంతకం పెట్టి ఉంటే, బ్యాంకుకు మిగిలిన 6 లక్షలకు ఆయన ఇల్లు మళ్లీ లెక్కలోకి వస్తుంది. కాస్త తెలివైన డీలరూ అదే హామీ అడుగుతాడు. కంపెనీ చెక్కు బౌన్సయితే, ఆ చెక్కు మీద సంతకం పెట్టిన డైరెక్టరు కేసులో ఉంటాడు. ప్రైవేటు కంపెనీ ఆదాయపన్ను బాకీ కంపెనీ నుంచి రాకపోతే, తమ నిర్లక్ష్యం వల్ల అలా కాలేదని డైరెక్టర్లు రుజువు చేసుకోవాలి. కాబట్టి కంపెనీ నిజంగా కాపాడేది హామీ లేకుండా అరువిచ్చిన వాళ్ల నుంచే. మన లెక్కలో అది 20 లక్షలు, తక్కువేం కాదు.

ఆ రక్షణకు ఖర్చుంది. ఒక్క రూపాయి అమ్మకం లేకపోయినా ఏటా ఆడిట్ చేయించాలి. లెక్కల ఫారం AOC-4, వార్షిక రిటర్ను వేయాలి. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయల చొప్పున అదనపు రుసుము. రెండూ ఏడాది మరిచిపోతే 73,000. వరసగా మూడేళ్లు వేయకపోతే అయిదేళ్ల పాటు డైరెక్టరుగా అనర్హత. ఆడిట్ బరువు కొంత తగ్గించుకుని, సొంత ఆస్తికి ఇదే రక్షణ కావాలంటే 2008 చట్టం కింద ఎల్ఎల్‌పీ ఉంది. దాని అమ్మకాలు 40 లక్షలూ, భాగస్వాముల పెట్టుబడి 25 లక్షలూ దాటనంతవరకు ఆ చట్టం ఆడిట్ అడగదు.

పన్నుదీ చూద్దాం. ఏడాదికి 10 లక్షల లాభం, వేరే ఆదాయం లేదు. ప్రొప్రైటర్‌కు 2025-26 కొత్త విధానంలో రిబేటు పోగా పన్ను సున్నా. పార్ట్‌నర్‌షిప్‌కు నేరుగా 30 శాతం, పైన సెస్సు. అయితే పనిచేసే భాగస్వాములకు జీతంగా 7.8 లక్షల దాకా తీసేసుకోవచ్చు, మిగిలిన 2.2 లక్షల మీదే పన్ను పడుతుంది. జీతం సంగతి డీడ్‌లో రాసి ఉంటేనే ఈ సౌకర్యం. కంపెనీలో లాభం మీద ఒకసారి, డివిడెండ్‌గా తీసుకున్నప్పుడు షేర్‌హోల్డర్ చేతిలో ఇంకోసారి పన్ను పడుతుంది.

చిన్నల్లుడు మధ్యలో పార్ట్‌నర్‌షిప్ నుంచి తప్పుకుంటే రాజీనామా కాగితం ఇస్తే సరిపోదు. రిజిస్టరైన సంస్థ అయితే రిజిస్ట్రార్‌కు తెలియజేసి, గెజిట్‌లోనూ ఆ ప్రాంతపు భాషా పత్రికలోనూ ప్రకటన వేయించాలి. లేకపోతే అతన్ని భాగస్వామిగా ఎరిగిన డీలర్లు ఆ తర్వాత ఇచ్చిన సరుకుకూ అతన్నే అడగొచ్చు. అప్పులు పెరిగాక పెద్దల్లుడు హడావిడిగా దుకాణాన్ని కంపెనీగా మార్చినా పాత బిల్లులు కంపెనీవైపోవు. డీలరు ఒప్పుకుని కాగితం మీద పెడితే తప్ప, అంతకు ముందు తేదీలున్న ప్రతి బాకీకీ ఆయనే జవాబుదారీ.