చూసేవాళ్లు వందల్లో, కొనేవాళ్లు వేళ్ల మీద

మంగళగిరి నూలు చీర ఒకటి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టారనుకుందాం. నెలలో ఆరు వందల మంది ఆ పేజీ తెరిచారు, కొన్నది మాత్రం ముగ్గురే. ఇలాంటప్పుడు చాలామంది అమ్మకందారులు ముందు ధర తగ్గిస్తారు, లేదంటే ప్రకటనలకు ఇంకాస్త డబ్బు పోస్తారు. రెండూ తొందరపాటే. వెతికినప్పుడు కనిపించే ఫొటోను, ధరను చూసే అంతమంది లోపలికి వచ్చారు. వచ్చాక ఏదో అనుమానం కలిగి వెళ్లిపోయారు. అది ఏ వాక్యం దగ్గర, ఏ ఫొటో దగ్గర పుట్టిందో ముందు పట్టుకోవాలి.

అంతకంటే ముందు లెక్క సరిచూసుకోవాలి. అమెజాన్ అమ్మకందారుల బిజినెస్ రిపోర్టుల్లో Page Views వేరు, Sessions వేరు. ఒకే మనిషి రోజులో నాలుగుసార్లు తెరిస్తే వ్యూస్ నాలుగు, సెషన్ ఒక్కటే. వంద సెషన్లకు ఎన్ని అమ్ముడయ్యాయో Unit Session Percentage చెబుతుంది. ఆ శాతాన్ని తమ దుకాణంలోనే ఉన్న మిగతా చీరలతో పోల్చుకుంటే అసలు తేడా తెలుస్తుంది. ముప్ఫై నలభై మంది చూసినంత మాత్రాన ఒక తీర్పుకు రాలేం. శీర్షికలో అనవసరంగా ‘పట్టు’ అన్న మాట ఇరికిస్తే పట్టుచీర వెతికేవాళ్లు వచ్చి, నూలు అని చూడగానే వెనక్కి వెళ్తారు. అప్పుడు తప్పు శీర్షికది. అదొక్కటి మారిస్తే చాలు.

ఇక చదవడం. అమ్మకందారు ఖాతాలోంచి బయటికి వచ్చి, మామూలు ఫోన్‌లో పేజీ తెరవాలి. ఒకసారి ఆన్‌లైన్‌లో చీర కొని మోసపోయిన మనిషి చదివినట్టు, ఒక్కో వాక్యం దగ్గర ఆగి, ‘నమ్మేదెలా?’ అని అడుగుతూ పోవాలి. మన పేజీలో ఇలా ఉందనుకోండి: ‘ప్రీమియం క్వాలిటీ మంగళగిరి శారీ. అందమైన రంగు, లేటెస్ట్ డిజైన్. అన్ని సందర్భాలకూ బాగుంటుంది.’ ఇందులో అబద్ధం ఉండకపోవచ్చు. కానీ కొనే మనిషి మనసులో ఉన్న ఒక్క ప్రశ్నకూ జవాబు లేదు. ఇది మగ్గం మీద నేసిందా, మిల్లుదా? జాకెట్టు ముక్క ఉందా? అంచు జరీ నల్లబడుతుందా? ఉతికితే రంగు దిగుతుందా?

అదే వివరణను తిరగరాస్తే ఇలా ఉంటుంది: ‘మంగళగిరిలో చేతిమగ్గంపై నేసిన నూలు చీర. చీర పొడవు 5.5 మీటర్లు, దానితోపాటే నేసిన జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లు. జరీ అసలు వెండిది కాదు, రాగి ఆధారిత జరీ. ఫాల్, పీకో చేయలేదు. మొదటి రెండు ఉతుకులూ విడిగా, చన్నీళ్లలో. కొద్దిగా రంగు దిగవచ్చు.’ రంగు దిగుతుందని చెబితే కొనరేమోనన్న భయం అక్కర్లేదు. ఆ మాట ముందే తెలిసి కొన్నవాళ్లు చీర వెనక్కి పంపే అవకాశం తక్కువ.

మాట చెప్పలేనిది ఫొటో చెప్పాలి. మోడల్ కట్టుకున్న ఫొటోలు ఐదు పెట్టి, నేత కనిపించే ఫొటో ఒక్కటీ పెట్టకపోతే అనుమానం ఇంకా పెరుగుతుంది. పగటి వెలుతురులో తీసిన అంచు దగ్గరి ఫొటో, చీర తిరగవేసిన వైపు, పూర్తిగా పరిచిన కొంగు, జాకెట్టు ముక్క తప్పక ఉండాలి. 2006లో మొదలైన హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ ఆ చీరకు నిజంగా ఉంటే దాన్నీ దగ్గరగా చూపాలి. లేకపోతే ఉన్నట్టు రాయకూడదు.

కార్ట్‌లో వేసుకుని కూడా వదిలేస్తున్నారంటే చిక్కు చీర వివరణలో కాదు, చివర్లో కలిసే డెలివరీ ఖర్చులోనో, చేరే తేదీలోనో ఉండవచ్చు. పెళ్లికి కొనేవాళ్లకు తేదీయే ముఖ్యం. నచ్చకపోతే ఎన్ని రోజుల్లో తిప్పి పంపాలి, ఆ ఖర్చు ఎవరిదన్నదీ సూటిగా రాయాలి.

కొనేవాళ్ల అనుమానాలను ఊహించి తయారు చేయనక్కర్లేదు. వాట్సాప్‌లో ఇప్పటిదాకా అడిగిన ప్రశ్నలు, ఇతరుల చీరల కింద ఒకటి రెండు నక్షత్రాలిచ్చినవాళ్ల ఫిర్యాదులు చదివితే జాబితా సిద్ధమవుతుంది. అయితే అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. ముందు వివరణ మార్చి, దాదాపు అన్నే సెషన్లు వచ్చేదాకా ఆగి, ఆ తర్వాత ఫొటోలు మార్చాలి. దసరా ముందు వారాన్ని మామూలు వారంతో పోల్చకూడదు.

ఇంత చేసినా శాతం కదలకపోతే, అదే నేత, అదే కొలత ఉన్న చీర పక్క దుకాణంలో ఎంతకు దొరుకుతోందో చూడాలి. ధర గురించి ఆలోచించాల్సింది అప్పుడే.